సిరా కొండల్లో పొగమంచు: అపోహలు - వాస్తవాలు

చైనా పద్ధతిలో కుంచె, సిరాలతో వేసే ప్రకృతి చిత్రాలను షాన్‌షుయ్ అంటారు. కొండ, నీరు అని అర్థం. నా దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్లకు కొండ త్వరగానే వస్తుంది. ఇబ్బందంతా పొగమంచుతోనే.

అపోహ: కాగితం మీద ఏమీ వేయకుండా వదిలేస్తే అదే పొగమంచు.

అలా వదిలేస్తే పని సగంలో ఆపేసినట్టు ఉంటుంది. పైనున్న కొండ కిందికి వచ్చేకొద్దీ కరిగిపోవాలి, ఆ తెలుపు దాటాక కింద ఒక చెట్టు కొనో రాతి అంచో తేలాలి. అప్పుడే మధ్యలోని ఖాళీ మంచులా కనిపిస్తుంది. చైనా చిత్రకారుడు గువో షీ 1072లో పట్టు మీద వేసిన ‘తొలి వసంతం’ చూడండి. 158 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ చిత్రం ఇప్పుడు తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. కొండను మొత్తం చూపిస్తే ఎత్తుగా అనిపించదు, నడుము దగ్గర మంచు కమ్మితేనే ఎత్తు తెలుస్తుంది అన్నది ఆయన మాట.

అందుకే నేను ముందు ఖాళీ ఎక్కడో తేల్చుకుంటాను. 69 x 138 సెం.మీ. షీట్‌ను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి సుమారు 34 x 69 వస్తుంది. నిలువుగా వేలాడదీసే చుట్ట చిత్రానికి అది చాలు. కింది పావు భాగంలో రాళ్లు, పైన్ చెట్లు. పై మూడో వంతులో కొండ. మధ్యలో జానెడు పైచిలుకు తెలుపు. గుర్తుకు కాగితం అంచున గోటితో చిన్న నొక్కు పెడితే సరిపోతుంది.

అపోహ: పలచటి బూడిద రంగు పూస్తే మంచు వస్తుంది.

పూస్తే మురికి మేఘం వస్తుంది. మంచుకు రంగు వేయం, కొండ పాదాన్ని మాయం చేస్తాం. మెత్తటి మేక వెంట్రుకల కుంచె తీసుకోండి. దాన్ని మంచినీళ్లలో పూర్తిగా తడిపి, సాసర్ అంచుకు ఒత్తి నీళ్లు కొంచెం తీసేయండి. కుంచెను సగం వరకు పలచటి సిరాలో, చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం చిక్కటి సిరాలో ముంచండి. ఇప్పుడు కుంచెను పక్కకు వాల్చి, మొన శిఖరం వైపు, పొట్ట లోయ వైపు ఉండేలా లాగండి. ఒక్క గీతలోనే పైన నలుపు, కింద పలచన వస్తాయి.

అసలు కష్టం దీని తర్వాతే. తడి మెరుపు పోకముందే రెండో కుంచెతో, నీళ్లు కారకుండా తడిగా మాత్రమే ఉన్నదానితో, కింది అంచు వెంబడి వేలెడు మేర కిందికి తుడవాలి. నీళ్లు ఎక్కువైతే అవి సిరాను వెనక్కి నెట్టేస్తాయి. ఆరాక టీ కప్పు అడుగు మరకలాంటి గీత తేలుతుంది. తడిగా ఉన్నప్పుడు అది సరిగ్గా కనిపించదు. కనిపించాక తుడిచినా పోదు, కాగితం పీచు లేస్తుంది. మొన్న ఒకమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. బాగా ఆరనిచ్చి, ఆ గీత మీద అక్కడక్కడా లేత చుక్కలు గుంపులుగా పెట్టమన్నాను. మచ్చ దూరపు చెట్ల వరుసైంది. అయితే గీత దాదాపు అడ్డంగా ఉంటేనే ఈ ఉపాయం పనికొస్తుంది, గుండ్రంగా తిరిగితే షీటు మార్చాల్సిందే.

ఇంకో మాట. తడి సిరా ఆరాక బాగా లేతబడుతుంది. పక్కన చిన్న ముక్క మీద వేసి, ఆరాక చూసి, అప్పుడు అసలు కాగితం మీదికి వెళ్లండి.

అపోహ: దూరం చూపించాలంటే లేత రంగు చాలు.

చాలదు. దూరపు మనిషికి కళ్లుండవు, దూరపు చెట్టుకు కొమ్మలుండవు, దూరపు కొండకు రాళ్లుండవు అని పాత చైనా చిత్రకారుల సూత్రం. లేత సిరాతోనే అయినా అక్కడ పగుళ్లు, ఆకులు గీశారంటే కొండ దగ్గరికి వచ్చేస్తుంది. పైగా ముందున్న రాయి గట్టి నలుపు కాకపోతే వెనకది ఎంత లేతగా ఉన్నా చిత్రం మొత్తం వెలిసిపోయినట్టే ఉంటుంది. కొత్తవాళ్లు నలుపు వేయడానికి భయపడతారు, నాకు ఎక్కువగా కనిపించే లోపం అదే.

అపోహ: ఏ కాగితమైనా, ఏ నల్ల ఇంకైనా ఒకటే.

లక్క కలిసిన డ్రాయింగ్ ఇంకు ఆరాక నీటికి కరగదు, కుంచెను గట్టిపరిచి పాడుచేస్తుంది. సిరా కడ్డీని రాతి మీద నీళ్లతో అరగదీసుకోవడం మేలు. సైజింగ్ అంటే సిరా త్వరగా ఇంకకుండా కాగితానికి పట్టించే జిగురు. అది లేని షువాన్ అనే చైనా కాగితం సిరాను క్షణంలో పీల్చేస్తుంది, మీకు తుడిచే వ్యవధి ఇవ్వదు. సగం సైజింగ్ ఉన్నదానితో మొదలుపెట్టండి.

ఆరాక కాగితం ముడతలు పడి, లేత కొండ సరిగ్గా కనిపించదు. చిత్రం చెడిందనుకుని పారేయకండి. వెనక గోధుమ గంజితో ఇంకో కాగితం అతికించి, బోర్డు మీద సాగదీసి ఆరబెడితే ముడతలు పోతాయి. మంచు ఎలా కుదిరిందో గోడకు పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి అప్పుడు చూడండి.