వైరింగ్ కోర్సు చేసినవాడికి సరైన జోడీ ఎవరు?

ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడి, కాశీనగర్ చుట్టుపక్కల తెలుగు ఊళ్ల కుర్రాళ్ల కోసం మూడు నెలల వైరింగ్ కోర్సు పెట్టారనుకుందాం. ఈ కోర్సు గురించి ఇక్కడి నుంచి వచ్చే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి నేను కల్పించుకున్నవే. కోర్సు చేసినవాళ్లు 200 మంది. అవే ఊళ్లలో ఇంటింటి సర్వేలో దొరికిన, కోర్సు చేయనివాళ్లు 1,200 మంది. ఏడాది తిరిగాక చూస్తే చేసినవాళ్ల నెల సంపాదన సగటున 9,400 రూపాయలు, చేయనివాళ్లది 6,900. తేడా 2,500. నిధులిచ్చినవాళ్లకు పంపే నివేదికలో ఈ 2,500 పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇందులో కోర్సు పుణ్యం ఎంత? చేరినవాళ్లు ఎవరో చూస్తే అనుమానం మొదలవుతుంది. పాఠాలు, పరీక్ష అన్నీ ఒడియాలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడినా ఒడియా బడిలో చదివినవాడు ధైర్యంగా చేరతాడు. సరిహద్దు దాటి పాతపట్నం వైపు తెలుగు మీడియంలో చదువుకున్నవాడు వెనకాడతాడు. ఒడియా చదవగలిగినవాడికి కోర్సు లేకపోయినా ఆ ఊళ్లలో పని దొరికే అవకాశం ఎక్కువే. పట్నానికి దగ్గరగా ఉన్నవాడు, పదో తరగతి దాటినవాడు కూడా అంతే. అంటే మనం పోలుస్తున్న రెండు గుంపులూ కోర్సుకు ముందే వేరు.

చేరినవాడికి అన్ని విషయాల్లోనూ సరిపోయే చేరనివాణ్ణి వెతికి పక్కన నిలబెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ వయసు, చదువు, ఒడియా చదవడం, భూమి, పట్నానికి దూరం, నిరుటి సంపాదన, ఇంట్లో ఎవరైనా సూరత్ మిల్లులకు వెళ్లారా లేదా అనే ఏడింటిని తలా రెండేసి రకాలుగా విడగొట్టినా 128 గళ్లు అవుతాయి. చాలా గళ్లలో చేరినవాడు ఉంటే చేరనివాడు ఉండడు. ఈ చిక్కుకు పాల్ రోసెన్‌బామ్, డొనాల్డ్ రూబిన్ 1983లో ఒక దారి చూపించారు. ఏడు లక్షణాలనూ విడివిడిగా సరిపెట్టనక్కర్లేదు, ఆ లక్షణాలున్న మనిషి కోర్సులో చేరే సంభావ్యత ఎంతో ఒక్కటే లెక్కకట్టి దాన్ని సరిపెడితే చాలన్నారు. ఆ సంభావ్యతే ప్రొపెన్సిటీ స్కోరు. మామూలుగా లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో కడతారు, సున్నాకీ ఒకటికీ మధ్య వస్తుంది. స్కోరు 0.3 వచ్చినవాళ్లలో కొందరు చేరారు, కొందరు చేరలేదు. లెక్కలోకి తీసుకున్న లక్షణాల వరకు ఈ రెండు గుంపుల సగటు పోలికలూ ఒకటే అయి ఉండాలి.

గుంపు మొత్తానికి నిజమైన ఆ మాట ఏ ఒక్క జతకూ నిజం కానక్కర్లేదు. పట్నానికి దూరంగా ఉండి బాగా చదువుకున్నవాడికీ, పట్నం పక్కనే ఉండి ఏడో తరగతితో ఆపేసినవాడికీ ఒకే స్కోరు రావచ్చు. పైగా మనం కట్టిన స్కోరు అసలు స్కోరు కాదు, మన రిగ్రెషన్ ఊహించినది. అది సరిగా వచ్చిందో లేదో చెప్పేది జతలు కుదిరాక రెండు గుంపుల లక్షణాలు ఎంతవరకు కలిశాయో చూపే సంతులనం పట్టిక ఒక్కటే. నాకు ఎవరైనా మ్యాచింగ్ నివేదిక ఇస్తే ఫలితం పేజీ కంటే ముందు ఈ పట్టిక తిప్పి చూస్తాను.

మన ఉదాహరణలో చేరిన ప్రతివాడికీ స్కోరులో అతి దగ్గరగా ఉన్న ఒక చేరనివాణ్ణి జతచేద్దాం. "అతి దగ్గర"కు హద్దు ఉండాలి. లేకపోతే 0.8 స్కోరు వాడికి 0.5 వాణ్ణి అంటగట్టే ప్రమాదం ఉంది. చేరే అవకాశాన్ని చేరని అవకాశంతో భాగిస్తే వచ్చేది ఆడ్స్. స్కోరును లాగ్ ఆడ్స్‌గా, అంటే ఆ ఆడ్స్ లాగరిథమ్‌గా మార్చి, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనంలో ఐదో వంతుకు మించి దూరం ఉంటే జత కట్టకూడదని చాలామంది పాటిస్తారు. ఈ హద్దును క్యాలిపర్ అంటారు. హద్దు పెట్టేసరికి 24 మందికి జోడీ దొరకలేదు. వాళ్లంతా పట్నం పక్కనుండే, ఇంటర్ దాటిన కుర్రాళ్లు, స్కోర్లు 0.7 పైన. అలాంటివాళ్లలో చేరనివాడు దాదాపు లేడు. వాళ్లను వదిలేయక తప్పదు. కానీ ఇకపై వచ్చే జవాబు మిగతా 176 మందికే వర్తిస్తుందని నివేదికలో రాయాలి. చాలా నివేదికల్లో ఈ వాక్యమే ఉండదు.

ఇప్పుడు సంతులనం. ఒక్కో లక్షణానికీ రెండు గుంపుల సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. రూపాయలైనా ఏళ్లైనా ఒకే కొలతలోకి వస్తాయి. ఈ విలువ 0.1 లోపు ఉంటే ఫరవాలేదని వాడుక. జత కట్టకముందు చదువులో తేడా రెండున్నరేళ్లు, విచలనం 3.1, అంటే 0.8. నిరుటి సంపాదనలో తేడా 900 రూపాయలు, విచలనం 1,800, అంటే 0.5. జతలు కట్టాక చదువు 0.06కి, సంపాదన 0.05కి దిగాయి. ఒడియా చదవడం దగ్గర మాత్రం బండి ఆగింది. మొదట 82 శాతానికి 55 శాతం, జతలయ్యాక 80కి 69. విలువ 0.6 నుంచి 0.25కి తగ్గింది, అంతే. ఈ ఊళ్లలో పనికీ కోర్సుకీ రెండింటికీ తాళంచెవి ఆ లక్షణమే కాబట్టి దాన్ని అలా వదిలేయడానికి లేదు. ఒడియా చదవగలిగినవాడికి చదవగలిగినవాణ్ణే, రానివాడికి రానివాణ్ణే జతచేయాలని షరతు పెట్టి, ఆ రెండు గుంపుల లోపల స్కోరుతో మళ్లీ వెతకాలి. అప్పుడు ఆ తేడా సున్నా అవుతుంది. మిగతా ఆరూ మళ్లీ చూడాలి, ఎందుకంటే ఒకటి సర్దితే ఇంకొకటి జారుతుంది. మన లెక్కలో అవి జారలేదనీ, జతలు 176 దగ్గరే నిలిచాయనీ అనుకుందాం.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, సంతులనానికి పీ-విలువ చూడడం, అంటే అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతో చూడడం. జతల సంఖ్య తగ్గితే తేడా అలాగే ఉన్నా పీ-విలువ పెరుగుతుంది, మనుషుల్ని పారేసినందుకే సంతులనం కుదిరినట్టు కనిపిస్తుంది. రెండోది సగటుతో ఆగిపోవడం. చేరినవాళ్ల సగటు వయసు 27, జోడీలదీ 27. కానీ చేరినవాళ్లంతా 24 నుంచి 30 మధ్యవాళ్లు, జోడీల్లో సగం 18 ఏళ్ల పిల్లలు, సగం 36 ఏళ్ల సంసారులు. సగటు ఒక్కటే, మనుషులు వేరు. విచలనాలు కూడా పోల్చి చూస్తే ఇది బయటపడుతుంది. ఈ సర్దుబాట్లన్నీ ఏడాది తర్వాతి సంపాదన కాలమ్ తెరవకుండానే చేయాలి. అది కనిపిస్తూ ఉంటే నచ్చిన అంకె వచ్చేదాకా జతలు మారుస్తూ పోతాం.

నిరుటి సంపాదన విషయంలో ఇంకో మెలిక ఉంది. శిక్షణలో చేరడానికి కాస్త ముందు మనుషుల ఆదాయం పడిపోతుందని ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ 1978లో అమెరికా లెక్కల్లో గమనించాడు. సూరత్‌లో మగ్గం పని పోయి ఊరికొచ్చి కూర్చున్నవాడే కోర్సులో చేరతాడు. నిరుడు అతని సంపాదన నెలకు 4,000. అతనికి ఎప్పుడూ 4,000తోనే బతికే కూలీని జోడీ చేస్తే, వచ్చే ఏడాది మొదటివాడు కోర్సు లేకపోయినా తన పాత స్థాయికి లేస్తాడు. ఆ లేవడం కోర్సు ఖాతాలో పడుతుంది. అందుకే ఒక్క ఏడాది కాదు, కనీసం రెండేళ్ల వెనకటి సంపాదన స్కోరులో ఉండాలి.

దీని మీద అర్థశాస్త్రంలో పెద్ద వాదమే నడిచింది. 1970ల మధ్యలో అమెరికాలో నేషనల్ సపోర్టెడ్ వర్క్ అనే ఉపాధి కార్యక్రమానికి మనుషుల్ని లాటరీ పద్ధతిలో ఎంచారు, కాబట్టి దాని అసలు ప్రభావం తెలుసు. రాబర్ట్ లాలాండ్ 1986లో ఆ లాటరీలో ఓడినవాళ్లను పక్కనపెట్టి, మామూలు జాతీయ సర్వేల్లోని మనుషులతో పోల్చి చూశాడు. అప్పటి పద్ధతులు చాలావరకు లాటరీ జవాబుకు ఎక్కడో దూరంగా పడ్డాయి. రాజీవ్ డెహీజియా, సాదెక్ వాహ్బా 1999లో 1974 సంపాదన కూడా తెలిసిన ఉపసమూహాన్ని తీసుకుని ప్రొపెన్సిటీ స్కోరుతో లాటరీ జవాబుకు దగ్గరగా వచ్చారు. జెఫ్రీ స్మిత్, పెట్రా టాడ్ 2005లో ఉపసమూహాన్నీ స్కోరులోని లక్షణాలనూ మారిస్తే ఆ దగ్గరతనం నిలవదని చూపించారు. నా లెక్కలో స్మిత్, టాడ్‌లదే పైచేయి.

మన ఊళ్లకు వద్దాం. సరిగా కుదిరిన 176 జతల్లో సంపాదన తేడా 2,500 నుంచి 1,100కి దిగిందనుకుందాం. పట్టిక శుభ్రంగా ఉంది. ఇప్పుడు కోర్సు చేసిన ఓ కుర్రాడి తల్లిని అడిగితే ఏమంటుంది? "ఆ కోర్సు లేకపోయినా మావాడు ఊరుకునేవాడు కాదు బాబూ, ఏదో ఒకటి పట్టేవాడే." ఆమె చెబుతున్న చొరవ సర్వే ఫారంలో లేదు. స్కోరు ఫారంలో ఉన్నవాటినే సరిపెడుతుంది. పట్టిక ఎంత శుభ్రంగా ఉన్నా ఆ చొరవ గురించి అది నోరు విప్పదు.

దాన్ని కొలవలేం గానీ, ఎంత చొరవ ఉంటే మన ఫలితం చెల్లకుండా పోతుందో లెక్కకట్టవచ్చు. ఈ పద్ధతీ రోసెన్‌బామ్‌దే. సంపాదన బదులు ఏడాది తర్వాత నిలకడైన పని ఉందా లేదా అని చూద్దాం. 176 జతల్లో 116 జతల్లో ఇద్దరి పరిస్థితీ ఒకటే, వాటిని పక్కన పెడదాం. మిగిలిన 60లో 40 జతల్లో కోర్సు చేసినవాడికే పని ఉంది, 20 జతల్లో చేయనివాడికే ఉంది. కోర్సు ప్రభావం సున్నా అయి, ఇద్దరిలో ఎవరు చేరారన్నది బొమ్మా బొరుసూ లాంటిదే అయితే 60లో 40 గానీ అంతకు మించి గానీ రావడం సుమారు వెయ్యిలో 7 సార్లు. ఇది గట్టి ఫలితమే.

ఇప్పుడు జతలోని ఇద్దరూ కాగితం మీద ఒకటే అయినా, చొరవ వల్ల ఒకడు చేరే ఆడ్స్ రెండోవాడికి 1.2 రెట్ల దాకా ఉండొచ్చనీ, ఆ చొరవ ఉన్నవాడికే పని కూడా దొరుకుతుందనీ ఒప్పుకుందాం. అప్పుడు సగానికి బదులు 1.2ను 2.2తో భాగించిన 0.545 వాడాలి. 40 గానీ అంతకు మించి గానీ వచ్చే అవకాశం నూటికి 4కు పెరుగుతుంది. 1.5 రెట్లంటే 0.6, అప్పుడు నూటికి 18. అంటే 1.2 దాటాక మన ఫలితం కోర్సు లేకుండా చొరవతోనే వచ్చి ఉండొచ్చు. చొరవ ఉన్నవాడు కోర్సులో చేరడానికి ఒకటిన్నర రెట్లు ఎక్కువ మొగ్గు చూపడం ఏమంత వింత? అలాంటప్పుడు 1,100 రూపాయల్ని కోర్సు ఫలితమని రాయడానికి నాకు చెయ్యి రాదు.

పోల్చి చూడడానికి, అమెరికాలో 1964లో కైలర్ హామండ్ ప్రచురించిన పొగతాగేవాళ్ల అధ్యయనంలో 36,975 జతలున్నాయి. జతలో ఒక్కరు మాత్రమే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయినవి 122, వాటిలో 110 జతల్లో పోయినది పొగతాగినవాడే. ఇదే లెక్క వేస్తే దాగిన కారణం ఆడ్స్‌ను ఐదు రెట్లు మార్చినా ఆ ఫలితం నిలుస్తుంది, ఆరు రెట్ల దగ్గర గానీ వణకదు. లాటరీ లేని అధ్యయనాలన్నీ ఒకే తూకం కావు.

మన కోర్సు విషయంలో ఇంకా చేయగలిగినవి రెండున్నాయి. మూడేళ్ల కిందటి సంపాదన సర్వేలో అడిగి, స్కోరులో పెట్టకుండా దాచి, జతలు కుదిరాక అందులో తేడా చూడటం ఒకటి. కోర్సు అప్పటికి లేనే లేదు, కాబట్టి తేడా సున్నా దగ్గరగా ఉండాలి. చేరినవాళ్లు అప్పుడే 400 ముందున్నారంటే ఆ 400 కోర్సుది కాదు. రెండోది ఇంకా మేలు. 1,200 మంది ఊరివాళ్లకు బదులు, దరఖాస్తు పెట్టుకుని సీటు దొరకనివాళ్లను జోడీలుగా తీసుకోవడం. చొరవ వాళ్లకూ ఉంది, ఫారం నింపారు కదా. అయితే సీట్లు ఎలా ఇచ్చారో కనుక్కోవాలి. ఇంటర్వ్యూ చేసి చురుకైనవాళ్లను ఏరుకుని ఉంటే దాగిన తేడా వెనక తలుపు నుంచి మళ్లీ వచ్చినట్టే. ముందొచ్చినవాళ్లకు ముందు అన్నట్టు ఇచ్చి ఉంటే తొందరపడేవాళ్లే లోపలికి వచ్చి ఉంటారు, కాస్త నయం. చీటీలు తీసి ఇచ్చి ఉంటే రెండు సగటులు తీసివేయడమే పని, స్కోరు కట్టనక్కర్లేదు.