ఈవెంట్స్‌కి ముందు పిక్కలు సాగదీయడం: అపోహలు - వాస్తవాలు

గుంటూరు బీఆర్ స్టేడియంలో, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పొద్దున్నే కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు, లాంగ్ జంప్ లాంటి శారీరక పరీక్షలకి, సాధన చేసే పిల్లల్లో చాలామంది ఒకటే పద్ధతి పాటిస్తారు. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, పిక్కని రెండేసి నిమిషాలు సాగదీస్తారు. తర్వాత నేరుగా వెళ్లి లాంగ్ జంప్ లైన్లో నిలబడతారు. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉన్న అనుమానాలు ఈ అలవాటు చుట్టూనే తిరుగుతాయి. అందుకే పిక్క కండరాన్నీ, మడమ వెనక తాడులా చేతికి తగిలే అకిలిస్ టెండన్‌నీ మాత్రమే తీసుకుని రాస్తున్నాను.

అపోహ: ఎంతసేపు సాగదీస్తే కాలు అంత వదులై, అంత దూరం దూకుతుంది.

దూకడానికి కావాల్సింది వదులు ఒక్కటే కాదు. లాంగ్ జంప్‌లో బోర్డు మీద పాదం ఉండేది 0.15 సెకన్లకు అటూ ఇటూ. అంత తక్కువ సమయంలో కండరం గట్టిగా పట్టి ఉంచితేనే టెండన్ స్ప్రింగులా సాగి, మళ్లీ ముడుచుకుంటూ ఆ శక్తిని తిరిగి ఇస్తుంది. కండరం, టెండన్ ఒకదాని చివర ఒకటి కట్టిన జంట. అందులో ఏ ఒక్కటి వదులైనా బలం ఎముకకు చేరడం ఆలస్యమవుతుంది.

పిక్కని కొన్ని నిమిషాలపాటు సాగదీసి ఉంచినప్పుడు ఏం మారుతుందో పరిశోధకులు కొలిచారు. పాదాన్ని యంత్రంతో మెల్లగా పైకి వంచుతూ, కండరం టెండన్‌తో కలిసే చోటు ఎంత కదులుతుందో అల్ట్రాసౌండ్‌లో చూశారు. ఎక్కువ అధ్యయనాల్లో తేలింది ఏమిటంటే, ఆ తర్వాత వదులైంది ప్రధానంగా కండరమే. టెండన్ బిగువు పెద్దగా మారలేదు, కొన్నిచోట్ల మాత్రం కొద్దిగా తగ్గింది. దీనితోపాటు, ఎక్కువసేపు సాగదీశాక నాడీవ్యవస్థ ఆ కండరానికి పంపే ఆజ్ఞ కూడా కాసేపు బలహీనపడుతుంది. బలం తగ్గడానికి వదులు ఒక్కటే కాదు, ఇదీ కారణమే.

ఎంత తగ్గుతుంది? 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లు, అంతకన్నా ఎక్కువ సాగదీసి ఉంచితే బలం, పవర్ లాంటివి సగటున 4.6 శాతం తగ్గాయి. 60 సెకన్లలోపు అయితే తగ్గింది 1.1 శాతమే. కదులుతూ చేసే డైనమిక్ స్ట్రెచింగ్ తర్వాత 1.3 శాతం పెరిగింది. లాంగ్ జంప్‌లో అర అడుగు తేడాతో అర్హత పోగొట్టుకునే కుర్రాడికి 4 శాతం చిన్న విషయం కాదు.

అపోహ: అయితే ఒకచోట నిలబడి సాగదీయడం అసలు చేయకూడదు.

పైన చెప్పిన లెక్కలు చూసి కొందరు కోచ్‌లు ఈ చివరికి వెళ్లిపోయారు. నేను ఒప్పుకోను. ఆ పరీక్షల్లో చాలావాటిలో సాగదీసిన కొద్ది నిమిషాలకే దూకించారు, మధ్యలో ఏ కదలికా లేదు. నిజమైన వార్మప్‌లో అలా ఉండదు. ఒక్కో కండరానికి 15 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచి, ఆ తర్వాత పది నిమిషాలు డైనమిక్ కదలికలు, చిన్న పరుగులు చేస్తే ఆ నష్టం దాదాపు కనిపించదు. అరమండిలో కూర్చోవాల్సిన కూచిపూడి పిల్లలకైతే తుంటి, తొడ బాగా తెరుచుకోవడమే పని. వాళ్లు ముందుగా కాసేపు పట్టి ఉంచి సాగదీస్తే, తర్వాత నాట్యం అడుగులతో ఒళ్లు వేడి చేసుకుంటే తప్పేమీ లేదు.

అపోహ: డైనమిక్ అంటే ఊపి ఊపి గుంజడం.

చివరి హద్దు దాకా వంగి, అక్కడ ఎగిరెగిరి గుంజితే దాన్ని బ్యాలిస్టిక్ అంటారు. డైనమిక్‌లో మీ సొంత కండరమే కాలిని కదిలించాలి, అదుపు తప్పకూడదు, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. దీనివల్ల కండరం బిగువు ఎంత తగ్గుతుందన్నదానిపై ఫలితాలు ఒకే తీరుగా లేవు. దీని అసలు లాభం వేరే చోట ఉంది. కండరం లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది, సంకోచం వేగవంతమవుతుంది, మెదడు ఇచ్చే ఆజ్ఞ చురుగ్గా అందుతుంది.

‘మే నెలలో ఇక్కడ 42 డిగ్రీల ఎండ, మళ్లీ వార్మప్ ఎందుకు సార్?’ అని అడుగుతారు. ఎండ మీ చర్మాన్ని వేడి చేస్తుంది. పిక్క లోపలి వేడి ప్రధానంగా ఆ పిక్క పనిచేస్తేనే పెరుగుతుంది. కాకపోతే ఆ కాలంలో పరుగు భాగాన్ని తగ్గించుకుని, నీడలో, త్వరగా ముగించాలి.

ఈవెంట్స్‌కి వెళ్లే ఒక కుర్రాడికి నేను ఇచ్చిన క్రమం ఇది. ముందు ఐదారు నిమిషాలు నెమ్మదిగా జాగింగ్, ఒంటికి చెమట మొదలయ్యేవరకు. పిక్క పట్టేసినట్టు అనిపిస్తే కాలికి 20 సెకన్లు, ఒక్కసారి. తర్వాత కంచె పట్టుకుని కాలు ముందుకీ వెనక్కీ ఊపడం, కాలికి పన్నెండు సార్లు. నడుస్తూ ఒక్కో కాలు ముందుకు చాచి పెట్టి, మోకాళ్లు వంచి కిందికి దిగి లేవడం, 15 మీటర్లు. మోకాలు పెద్దగా వంచకుండా మునివేళ్ల మీద చిన్న గెంతులు, పదేసి రెండుసార్లు. చివర్లో 30 మీటర్ల పరుగు మూడు, మొదటిది 60 శాతం వేగంతో, చివరిది 90 శాతం వేగంతో. ఇదంతా 15 నుంచి 20 నిమిషాల్లో అయిపోతుంది.

అతనికి అసలు చిక్కు వచ్చింది లైన్లో. బ్యాచ్‌ల వారీగా పిలిచేసరికి అరగంట కూర్చోవాల్సి వచ్చింది. కండరం వేడి దాదాపు పావుగంటలోనే గణనీయంగా తగ్గిపోతుంది. కాబట్టి ముందువాళ్ల నంబర్లు వింటూ ఉండాలి. మీ వంతుకు ఐదారు నిమిషాల ముందు లేచి గెంతులు, రెండు చిన్న పరుగులు మళ్లీ చేయాలి. కూర్చున్నంతసేపూ పిక్క సాగదీస్తూ ఉండటం వద్దు.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే పరీక్షించండి. వేలికి సున్నం రాసుకుని గోడ పక్కన నిలబడి మూడుసార్లు ఎగిరి గుర్తు పెట్టండి. ఒక రోజు రెండు నిమిషాలు పట్టి ఉంచిన వెంటనే, ఇంకో రోజు డైనమిక్ తర్వాత. రెండూ ఒకే రోజు చేస్తే రెండోది వేడెక్కిన ఒంటితో చేసినట్టు అవుతుంది, లెక్క తప్పుతుంది. కొన్ని రోజులు మార్చి మార్చి చేస్తేనే తేడా నమ్మదగినది.

అపోహ: మడమ వెనక నొప్పిగా ఉంటే టెండన్ పొట్టిబడింది, ఇంకా గుంజాలి.

ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ. అకిలిస్ మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పి ఉన్నప్పుడు, పాదాన్ని పైకి బాగా వంచితే టెండన్ ఆ ఎముక మీద నొక్కుకుంటుంది. మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించి గుంజేవాళ్లలో నొప్పి పెరగడానికి కారణం ఇదే. టెండన్‌ని మార్చేది సాగదీయడం కాదు, బరువు. బరువు పట్టుకుని మడమలు నెమ్మదిగా పైకి ఎత్తడం, పైన మూడు సెకన్లు ఆగడం లాంటివి, మడమను నేల మట్టం కంటే కిందికి దించకుండా, వారానికి మూడు రోజుల చొప్పున చేయాలి. మార్పుకు సాధారణంగా 12 వారాలు పడుతుంది. పొద్దున లేవగానే మొదటి అడుగుల్లో బిగుసుకుపోయి, కాసేపు నడిచాక తగ్గితే టెండన్ మీద భారం ఎక్కువైందని లెక్క. అదే పరుగు మధ్యలో ఎవరో వెనక నుంచి తన్నినట్టు ‘టప్’మని అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే అది తెగిన గుర్తు కావచ్చు. ఆ రోజే ఎముకల డాక్టరుకు చూపించండి.