నోరు మెదపని డెలీరియం: వార్డులో దాన్ని డిప్రెషన్ అని ఎందుకు పొరబడతాం

"ఆపరేషన్ అయిన మూడో రోజు నుంచి మాట్లాడటం లేదు, తినడం లేదు. డిప్రెషన్ కావచ్చు, చూడగలరు." ఇలాంటి రిఫరల్ చీటీ సైకియాట్రీ విభాగాలకు తరచూ వస్తుంది. 1995లో అమెరికాలో ఫారెల్, గాంజీనీ అనే వైద్యులు ఇదే సంగతి తరచి చూశారు. డిప్రెషన్ అనుకుని పంపిన 67 మంది వృద్ధ ఇన్‌పేషెంట్లలో 28 మందికి, అంటే నూటికి 42 మందికి, ఉన్నది డెలీరియం, అంటే ఒంట్లోని జబ్బు వల్లో మందుల వల్లో మెదడు హఠాత్తుగా మబ్బు కమ్మడం. పంపినవాళ్లు అజాగ్రత్తపరులేమీ కాదు. డెలీరియం అంటే అరుపులు, పెనుగులాట అనే బొమ్మ వాళ్ల మనసులో ముద్రపడిపోయింది. ఆ బొమ్మ ఎలా ఏర్పడిందో తెలిస్తే జూనియర్ డాక్టర్‌కు బెడ్ దగ్గర ఏం వెతకాలో కూడా తెలుస్తుంది.

ప్రాచీన గ్రీకు వైద్యులు రెండు రూపాలనూ గమనించారు. జ్వరంలో రెచ్చిపోయే మనిషిది ఫ్రెనైటిస్, మగతలో పడి ఉండే మనిషిది లెథార్గస్. రోగి గాలిలో ఏదో పట్టుకోబోవడం, దుప్పటి నూలు పీకడం చెడ్డ సూచనలని హిపోక్రటిక్ రచనల్లోనే ఉంది. తర్వాతి కాలంలో మాత్రం అరిచే రోగే గుర్తుండిపోయాడు. 1813లో థామస్ సటన్ పేరు పెట్టిన డెలీరియం ట్రెమెన్స్ ఆ ముద్రను ఇంకా గట్టి చేసిందని నా అభిప్రాయం. వణుకుతూ, లేనివాటిని చూస్తూ, మంచం దిగి పరిగెత్తే ఆ మనిషిని ఒకసారి చూసిన డాక్టర్, మూలన ముడుచుకుని పడుకున్న ముసలావిడను అదే జబ్బు కింద లెక్కేయడు.

1959లో జార్జ్ ఎంగెల్, జాన్ రోమానో దీన్ని మెదడు పనితీరు కుంటుపడటంగా వివరించారు. గుండె, కిడ్నీ ఫెయిలైనట్టే మెదడు కూడా తాత్కాలికంగా ఫెయిలవుతుందని వాళ్ల వాదన. రోగి స్పృహ తగ్గేకొద్దీ ఈఈజీ తరంగాలు నెమ్మదిస్తాయనీ, కారణాన్ని సరిచేస్తే మళ్లీ పుంజుకుంటాయనీ చూపించారు. రోగి అరుస్తున్నాడా, ఊరుకున్నాడా అన్నది వాళ్ల లెక్కలో ముఖ్యం కాదు. డిప్రెషన్‌లో ఈఈజీ మామూలుగా అలా నెమ్మదించదు. ఎటూ తేలని కేసులో ఈ తేడా ఇప్పటికీ పనికొస్తుంది.

ఆ తర్వాత లిపోవ్‌స్కీ అనే సైకియాట్రిస్ట్ ఈ విషయాన్ని ఏళ్లతరబడి పట్టుకున్నారు. అప్పటికి ఒక్కో విభాగం దీన్ని ఒక్కో పేరుతో పిలిచేది. ఆయన అన్నిటినీ డెలీరియం కిందికి తెచ్చి, రెచ్చిపోయే రకం, మందగించే రకం, రెండూ కలిసిన రకం అని విడదీశారు. వృద్ధుల్లో ఎక్కువగా తప్పిపోయేది ఆ మందగించే రకమే.

ఇంకోపక్క 1961లో కిలో అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్, డిప్రెషన్ డిమెన్షియాలా కనిపించవచ్చని రాశారు. దాంతో వార్డుల్లో చర్చంతా "మతిమరుపా, దిగులా" అనే దగ్గరే ఆగిపోయేది. నిశ్శబ్ద డెలీరియం ఆ రెండింటి మధ్య నలిగిపోయింది.

మలుపు 1990లో వచ్చింది. షారన్ ఇనౌయి బృందం వార్డు డాక్టర్లకూ పనికొచ్చేలా సీఏఎం అనే పద్ధతి తయారుచేసింది. మార్పు హఠాత్తుగా మొదలై హెచ్చుతగ్గులవుతూ ఉండాలి. ధ్యాస నిలవకూడదు. ఈ రెండూ తప్పనిసరి. వీటికి తోడు ఆలోచన తెగిపోవడమో, మెలకువ స్థాయి మారడమో, ఏదో ఒకటి ఉండాలి. జ్ఞాపకశక్తికి కాక ధ్యాసకు పెద్దపీట వేయడమే ఇందులో అసలు సంగతి. డెలీరియం, డిప్రెషన్, డిమెన్షియా మూడింటిలోనూ జ్ఞాపకం దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది కాబట్టి అది వాటిని విడదీయలేదు. ధ్యాస విడదీస్తుంది.

ఇది బెడ్ దగ్గర ఎలా పనిచేస్తుందో ఒక కల్పిత కేసులో చూద్దాం. 76 ఏళ్ల ఆవిడ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతోంది. నొప్పికి ట్రమడాల్ ఇచ్చారు, దురదకు ఫెనిరమిన్ ఇంజక్షన్ రెండుసార్లు పడింది. మూడో రోజు ముఖం తిప్పుకుని పడుకుంది, పళ్లెం ముట్టలేదు. కోడలిని అడగాల్సిన మొదటి ప్రశ్న: "పోయిన వారం ఎలా ఉండేవారు?"

"పాల లెక్కంతా అత్తయ్యే చూసుకునేది సార్. నిన్న రాత్రంతా దుప్పటి పీకుతూనే ఉంది. పొద్దున్నుంచి లేపినా లేవట్లేదు."

ఈ జవాబుతోనే డిమెన్షియా ఒక్కటే కారణమన్న ఊహ వీగిపోతుంది. అది నెలలు, ఏళ్ల మీద వస్తుంది, మూడు రోజుల్లో రాదు. పైగా తొలి దశల్లో మనిషి మెలకువగా, చురుగ్గానే ఉంటారు.

ఎడిన్‌బరోలో మక్లల్లిచ్ బృందం రూపొందించిన 4ఏటీ అనే చిన్న పరీక్ష ఇక్కడ అక్కరకొస్తుంది. భుజం తట్టి లేపితే కళ్లు తెరిచి, మాట మధ్యలోనే మూసేసింది. మెలకువ స్పష్టంగా తేడాగా ఉంటే 4 పాయింట్లు. లేపిన పది సెకన్లలోపు మామూలైపోతే అది లెక్కలోకి రాదు. హఠాత్ మార్పుకు ఇంకో 4. మొత్తం 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డెలీరియం అనుమానించాలి, ఈవిడకు ఈ రెండింటికే 8 వచ్చాయి.

వయసు, పుట్టినతేదీ, ఉన్న చోటు, సంవత్సరం అడగడం ఇందులో మరో భాగం. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఆధార్‌లో ఉన్న తేదీ చెప్పలేకపోతే జబ్బు అనుకోకూడదు. ఆ జవాబు వాళ్లకు ముందు నుంచీ తెలుసో లేదో ఇంట్లోవాళ్లను అడగాలి. అలాగే ధ్యాస పరీక్షలో డిసెంబర్ నుంచి నెలలు వెనక్కి చెప్పమంటారు. బడికి వెళ్లనివాళ్లకు అది కష్టం. స్కోరు వేయలేకపోయినా వారాలు వెనక్కి చెప్పించి వినొచ్చు. ఈవిడ "శనివారం, శుక్రవారం..." అని ఆగి, ఫ్యాన్ వైపు చూసి, మళ్లీ "శనివారం" అంది. తర్వాత ఏం అడిగారో మరిచిపోయింది. డిప్రెషన్‌లో ఉన్న మనిషి చాలాసార్లు "నాకేం తెలీదు, వదిలెయ్యండి" అంటారు. కానీ ఓపిగ్గా పక్కన కూర్చుని తొందరపెట్టకుండా అడిగితే, నెమ్మదిగానైనా వరుస తప్పకుండా చాలావరకు పూర్తి చేస్తారు. వాళ్ల దిగులు వారాల తరబడి ఉంటుంది, గంటగంటకూ మారదు.

ఇక కారణం వెతకాలి. ఈవిడ పొత్తికడుపు తడిమితే మూత్రాశయం ఉబ్బి ఉంది. కాథెటర్ వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. యాంటీకోలినెర్జిక్ గుణమున్న ఫెనిరమిన్ మూత్రాన్ని బిగబట్టింది, మెదడునూ మబ్బు కమ్మించింది. సోడియం 122. దీనికి థయజైడ్, ట్రమడాల్ రెండూ దోహదం చేసి ఉండొచ్చు. ఆ మూడు మందులూ ఆపి, నొప్పికి పారాసెటమాల్ క్రమం తప్పకుండా ఇచ్చారు. సోడియాన్ని 24 గంటల్లో 8 యూనిట్లు మించి పెరగకుండా జాగ్రత్తగా సరిచేశారు. కళ్లజోడు తెప్పించారు, పగలు కూర్చోబెట్టారు. డిప్రెషన్ అనుకుని ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మొదలుపెట్టి ఉంటే సోడియం ఇంకా పడిపోయేది. అమిట్రిప్టిలిన్ ఇచ్చి ఉంటే మూత్రం బిగుసుకుపోవడం, మత్తు రెండూ పెరిగేవి.

అయిదో రోజుకు ఆవిడ కోడలిని పాల డబ్బులు అడిగింది. కేసు అంతటితో అయిపోలేదు. డెలీరియం వచ్చిన వృద్ధుల్లో చాలామందికి లోపల బయటపడని డిమెన్షియా ఉంటుంది. దాన్ని వార్డులో తేల్చబోతే తప్పు జవాబే వస్తుంది. మబ్బు పూర్తిగా విడవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. అందుకే మూడు నెలల తర్వాత రమ్మని డిశ్చార్జ్ కాగితం మీద రాయాలి, ఎందుకు రమ్మంటున్నారో కోడలికి చెప్పాలి.

సీఏఎం గానీ 4ఏటీ గానీ తడబడే చోటు లూయీ బాడీ డిమెన్షియా. అందులో ధ్యాస హెచ్చుతగ్గులు, లేనివి కనిపించడం జబ్బులోనే ఉంటాయి. వార్డులో ఏ కారణమూ దొరక్కపోతే, ఇంటి దగ్గరే నెలలుగా ఇలా జరుగుతుండేదా, చేతులు బిగుసుకుని నడక చిన్న అడుగులైందా, నిద్రలో కాళ్లూ చేతులూ విసిరేవారా అని అడగాలి. ఆ అనుమానం ఉన్నంతవరకు హాలోపెరిడాల్ జోలికి పోకూడదు. ఆ జబ్బులో చిన్న డోసుకే ఒళ్లు కొయ్యబారి, మింగలేని స్థితి రావచ్చు.