పదో వంతు జీతం, రెండు వేల కిలోల పత్తి

అమెరికా పొలాలకు ఇప్పుడు హెచ్-2ఏ వీసా మీద ఏటా 3 లక్షల మందికి పైగా సీజను కూలీలు వెళ్తున్నారు. అత్యధికులు మెక్సికో వారే. ఉద్యోగం ఇప్పిస్తామంటూ కూలీ దగ్గర ఎవరూ రుసుము తీసుకోకూడదని నిబంధన స్పష్టంగా ఉంది. అయినా వసూళ్లు ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలియాలంటే 1942కు వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల పొలాల్లో మనుషులు కరువై, ఆ ఏడాది ఆగస్టులో అమెరికా మెక్సికోతో ఒప్పందం చేసుకుంది. బ్రసేరో పథకంగా పేరుపడిన ఆ ఏర్పాటు 1964 దాకా సాగింది. ఆ కాలంలో దాదాపు 46 లక్షల కాంట్రాక్టుల మీద సంతకాలయ్యాయి. కాగితం మీద అది మంచి ఒప్పందమే. గంటకు కనీసం 30 సెంట్ల కూలి, ఉండడానికి వసతి, రానుపోను ప్రయాణ ఖర్చు కూలీ మీద పడకూడదన్న షరతు, అన్నీ ఉన్నాయి. వివక్ష ఎక్కువన్న కారణంతో టెక్సాస్‌కు మనుషులను పంపబోమని మెక్సికో కొన్నేళ్లు భీష్మించింది కూడా.

అయితే ఒప్పందం కాపలా కాసింది కాంట్రాక్టు మీద సంతకం పడిన తర్వాతి ప్రయాణానికే. అంతకు ముందు కూలీ పేరు సొంత ఊరి మునిసిపల్ జాబితాలోకి ఎక్కాలి. ఆ జాబితా స్థానిక అధికారుల చేతిలో ఉండేది, చేయి తడపనిదే పేరు ఎక్కేది కాదు. అక్కడి నుంచి నియామక కేంద్రానికి చేరడం సొంత ఖర్చు. తమ దారిఖర్చులు తగ్గుతాయని కేంద్రాలను సరిహద్దు దగ్గర పెట్టమని అమెరికా రైతులు, దేశం లోపలే ఉండాలని మెక్సికో ప్రభుత్వం ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. నలిగింది అప్పు చేసి బయలుదేరినవాడు.

సొనోరా రాష్ట్రంలోని ఎంపాల్మే కేంద్రంలో ఇంకో పద్ధతి పుట్టింది. అమెరికా వెళ్లాలంటే ముందు అక్కడి భూస్వాముల పొలాల్లో 2,000 కిలోల పత్తి ఏరి, ఏరినట్టు చీటీ తెచ్చుకోవాలి. ఆ చీటీ ఉంటేనే జాబితాలో పిలుపు వచ్చేది. దీన్ని రుసుము అని ఎవరూ అనలేదు, రశీదూ ఉండదు. నా దృష్టిలో మాత్రం ఇది నికార్సయిన నియామక రుసుమే, డబ్బుకు బదులు చాకిరీతో కట్టించుకున్నారంతే. ఆపైన చేతులకు కాయలు కాచాయో లేదో తడిమి చూసేవారు. పొలం పని అలవాటున్నవాడేనని రుజువు అదే.

తిరుగు ప్రయాణానికీ ఒక కళ్లెం ఉంది. తొలి ఏళ్లలో కూలిలో పదో వంతు కోసి పొదుపు ఖాతాకు పంపేవారు. సొంత ఊరికి చేరాక ఆ డబ్బుతో పనిముట్లు కొనుక్కోవచ్చన్నారు. అసలు ఉద్దేశం మనిషి వెనక్కి రావడమే. వారానికి 60 గంటలు పని చేసినవాడికి 18 డాలర్లు వస్తే, కోత 1.80 డాలర్లు. ఆరు నెలలకు దాదాపు 47 డాలర్లు, అంటే రెండున్నర వారాల కూలి. ఆ సొమ్ము అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ద్వారా మెక్సికో కేంద్ర బ్యాంకుకు, అక్కడి నుంచి వ్యవసాయ రుణ బ్యాంకుకు వెళ్లేది. చాలామందికి ఆ తర్వాత జాడ లేదు. తమ పేరిట పొదుపు ఉందన్న సంగతే తెలియనివారూ ఉన్నారు. 2001లో అమెరికా కోర్టులో దావా పడింది. 2008లో రాజీ కుదిరి, అమెరికాలో ఉన్న అర్హులకు తలా 3,500 డాలర్లు ఇవ్వడానికి మెక్సికో ఒప్పుకుంది. కానీ అరవై ఏళ్ల నాటి కాంట్రాక్టు కాగితమో పే స్లిప్పో చూపాలి. ఎంతమంది దాచుకుని ఉంటారు?

1986లో హెచ్-2ఏ ఇప్పటి రూపానికి వచ్చేసరికి ప్రభుత్వాల మధ్య ఒప్పందం లేదు, మనుషులను వెతికే పని ప్రైవేటు ఏజెంట్లకు పోయింది. గల్ఫ్ దారి ఎరిగిన మనవాళ్లకు తర్వాతి కథ కొత్త కాదు. మన దగ్గరా రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. అంతకు మించిన సొమ్ము ఊళ్లోని సబ్ ఏజెంటుకు నగదుగా చేరుతుంది. మెక్సికోలోనూ వసూలు అలాగే, రశీదు లేకుండా ఊళ్లోనే జరుగుతుంది. 2021లో జార్జియా రాష్ట్రంలో బయటపడిన పెద్ద కేసులో ఇదంతా అభియోగాలకెక్కింది. అక్రమ రుసుములు గుంజారని, గుర్తింపు పత్రాలు లాక్కున్నారని, బకెట్‌కు 20 సెంట్లిచ్చి ఒట్టి చేతులతో ఉల్లిగడ్డలు తవ్వించారని ప్రాసిక్యూటర్లు ఆరోపించారు.

రుసుము వసూలైనట్టు తేలితే యజమాని వీసా దరఖాస్తునే తిరస్కరించవచ్చని, ఆమోదించినదైనా రద్దు చేయవచ్చని 2008 డిసెంబరు నిబంధన చెప్పింది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ వీసా ఒకే యజమానికి ముడిపడినది. ఫిర్యాదు చేసి నెగ్గితే కూలీ తన పనినే పోగొట్టుకుంటాడు, ఊళ్లో చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన సవరణ ఇలాంటివారికి 60 రోజుల వరకు గడువిచ్చింది. ఈలోగా మరో యజమాని దరఖాస్తు పెడితే అక్కడ పనిలో చేరవచ్చు, లేకుంటే దేశం విడిచి పోవాలి. ఆ 60 రోజులూ ఎక్కడ ఉండాలన్నది మరో సమస్య, ఎందుకంటే హెచ్-2ఏ కూలీకి వసతి ఇచ్చేది కూడా యజమానే.