నలభై వేల ఊహలకు లొంగిన పాస్‌వర్డ్

2018 ఫిబ్రవరి 18న అమెరికాలోని కొలరాడో రాష్ట్ర రవాణా శాఖ కోసం ఒక తాత్కాలిక సర్వర్‌ను సిద్ధం చేశారు. క్లౌడ్‌లో ఒక కొత్త పద్ధతిని పరీక్షించి చూడాలన్నది ఉద్దేశం. అది ఒకవైపు నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది, మరోవైపు శాఖ అంతర్గత నెట్‌వర్క్‌తో కలిసి ఉంది. అది కొత్తగా పెట్టిన పరీక్షా యంత్రం మాత్రమే. అయినా రెండు రోజుల్లోనే దాడిదారులు దాన్ని కనిపెట్టారు. దాదాపు 40 వేల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి లోపలికి వెళ్లారు. 21వ తేదీన శామ్‌శామ్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను బందీ చేసి సొమ్ము అడిగే ప్రోగ్రామ్, ఫైళ్లను తాళం వేయడం మొదలుపెట్టింది. శాఖ సుమారు 2,000 కంప్యూటర్లను ఆపేయాల్సి వచ్చింది. రాష్ట్రం సొమ్ము చెల్లించలేదు గానీ, కోలుకోవడానికి పది లక్షల డాలర్లకు పైగానే ఖర్చయింది.

అప్పుడే పెట్టిన సర్వర్ అంత త్వరగా ఎలా దొరికింది? నిజానికి దాని కోసం ఎవరూ ప్రత్యేకంగా వెతకలేదు. మనం రోజూ వాడే ఐపీవీ4 అనే ఇంటర్నెట్ చిరునామాల పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. ఈ సంఖ్య మనిషికి పెద్దది, యంత్రానికి కాదు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విడుదల చేసిన జెడ్‌మ్యాప్ అనే ఉచిత ప్రోగ్రామ్, మంచి వేగం ఉన్న కనెక్షన్‌తో ఒకే కంప్యూటర్ నుంచి ఆ చిరునామాలన్నిటిలో ఒక పోర్ట్‌ను, అంటే ఒక్కో సేవకు అంకెతో గుర్తించే తలుపును, ముప్పావు గంటలో తట్టి రాగలదు. ప్రతి చిరునామాకూ ‘కనెక్షన్ ఇస్తావా’ అని అడిగే చిన్న ప్యాకెట్ ఒకటి వెళ్తుంది. ఆ పోర్ట్ మీద ఏదైనా సేవ నడుస్తుంటే ‘సరే’ అని బదులు వస్తుంది. లేకపోతే నిరాకరణ వస్తుంది, లేదా అసలు ఏమీ రాదు. ‘సరే’ అన్న చిరునామాలు జాబితాకెక్కుతాయి.

ముందుగా తట్టేవి దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే పోర్ట్‌లనే. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389, లినక్స్ సర్వర్లు వాడే ఎస్‌ఎస్‌హెచ్‌కు 22. వెబ్‌సైట్ పోర్ట్ దొరికితే అందులో ఏదో లోపం వెతకాలి. ఇక్కడ ఆ శ్రమ లేదు, పాస్‌వర్డ్ తగిలితే చాలు, కీబోర్డు ముందు కూర్చున్నట్టే. ఒకసారి స్కాన్ చేసి ఊరుకోరెందుకంటే, నిన్న మూసి ఉన్న చిరునామాలో ఈ రోజు కొత్త సర్వర్ పుట్టి ఉండవచ్చు. క్లౌడ్‌లో యంత్రాలు నిమిషాల్లో వస్తాయి, పోతాయి. అందుకే పాత జాబితాకు విలువ లేదు.

‘మా చిన్న ఆఫీసుతో వాళ్లకేం పని’ అనేవారికి జవాబు ఆ దొంగల బజారులోనే ఉంది. ఎక్స్‌డెడిక్ అనే అంగడి గురించి 2016 జూన్‌లో క్యాస్పర్‌స్కీ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. అప్పటికి అక్కడ 70 వేలకు పైగా సర్వర్ల రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్‌లు అమ్మకానికి ఉన్నాయి, ధర ఆరు డాలర్ల నుంచి మొదలు. లోపలికి చొరబడేవాడు ఒకడు, కొనుక్కుని వాడుకునేవాడు మరొకడు. మొదటివాడికి మీరెవరో తెలియాల్సిన అవసరమే లేదు.

ఇప్పుడు కొలరాడో లెక్కకు వద్దాం. రెండు రోజుల్లో 40 వేల ఊహలంటే నిమిషానికి సగటున పద్నాలుగు. ప్రోగ్రామ్‌కు ఇది నత్తనడక, మనిషికి మాత్రం ఏ పొరపాటులోనూ సాధ్యం కాని వేగం. వరుసగా పదిసార్లు తప్పితే ఖాతాను పది నిమిషాలు తాళం వేసే నియమం ఆ ఖాతాకు వర్తించి ఉంటే? గంటకు అరవై ఊహలు, రోజుకు 1,440. అదే 40 వేలకు దాదాపు 28 రోజులు పట్టేది. ఈ పదీ పదీ నియమాన్ని మైక్రోసాఫ్ట్ 2022లో విండోస్ 11కు తొలి అమరికగా పెట్టింది. అంతకుముందు చాలా చోట్ల తాళమే ఉండేది కాదు. మరీ విచిత్రం, విండోస్‌తో పాటే వచ్చే స్థానిక అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు 2022 అక్టోబర్ అప్‌డేట్ దాకా తాళం వేసే వీలే లేదు. ఆ ఖాతా పేరు అందరికీ ముందే తెలుసు, అధికారాలన్నీ దాని చేతిలోనే ఉంటాయి.

తాళం చేసేది ప్రధానంగా ఆలస్యమే. ఆ ఆలస్యంలో ఎవరో ఒకరు లాగ్, అంటే యంత్రం రాసుకునే చిట్టా, చూడాలి. విండోస్ భద్రతా లాగ్‌లో విఫలమైన ప్రతి లాగిన్ 4625 అనే సంఖ్యతో, తాళం పడిన ఖాతా 4740తో నమోదవుతాయి. వందలకొద్దీ 4625ల తర్వాత అదే చిరునామా నుంచి 4624, అంటే విజయవంతమైన లాగిన్, కనిపిస్తే ఆ యంత్రాన్ని వెంటనే నెట్‌వర్క్ నుంచి విడదీయాలి.

దాడిదారులకు తాళం కిటుకూ తెలుసు. ఒకే ఖాతా మీద వంద పాస్‌వర్డ్‌లు వేయకుండా, వంద ఖాతాల మీద బాగా ప్రచారంలో ఉన్న ఒకే పాస్‌వర్డ్‌ను వేస్తారు. ఏ ఖాతాకూ పది తప్పులు పూర్తికావు, తాళం పడదు. పైగా తాళాన్నే ఆయుధం చేసుకోవచ్చు. కావాలని తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టి సిబ్బందినంతా ఉదయాన్నే బయట నిలబెట్టవచ్చు. కాబట్టి మూడు తప్పులకే రోజంతా తాళం వేయడం భద్రత అనిపించుకోదు, కొద్ది నిమిషాల తాళమే మేలు.

ఒక ఊహ తగిలినా పని కానివ్వనిది రెండంచెల లాగిన్. ఫోనులోని యాప్ చూపే ఆరంకెల కోడ్‌నే తీసుకుందాం. మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు సర్వర్‌కూ ఫోనుకూ ఒకే రహస్య సంఖ్య చేరుతుంది. ఆ తర్వాత రెండూ విడివిడిగా, ఆ రహస్యాన్నీ అప్పటి సమయాన్నీ కలిపి లెక్క కడతాయి. ముప్పై సెకన్లకోసారి ఫలితం మారుతుంది. ఫోనుకు నెట్ లేకపోయినా కోడ్ వచ్చేది అందుకే, గడియారం తప్పితే సరైన కోడ్ కూడా చెల్లనిదీ అందుకే.

ఆరంకెలంటే పది లక్షల అవకాశాలు. గడియారాల తేడా కోసం సర్వర్లు తరచూ ముందూ వెనకా ఒక్కో కోడ్‌ను కూడా ఒప్పుకుంటాయి, అంటే ఒక్కో ఊహకు పది లక్షల్లో మూడు అవకాశాలు. కోడ్ దగ్గర తాళం లేకపోతే, నిమిషానికి పద్నాలుగు చొప్పున ప్రయత్నించేవాడికి పన్నెండు రోజుల్లోనే సగానికి సగం అవకాశం వచ్చేస్తుంది. తాళం ఉంటే అదే అవకాశానికి ఐదు నెలలకు పైగా పడుతుంది. పాస్‌వర్డ్ సరిపోయి కోడ్ పదే పదే తప్పుతోందంటే దాదాపు ఒకటే అర్థం: పాస్‌వర్డ్ పరాయి చేతికి చిక్కింది. ఇంత స్పష్టమైన హెచ్చరిక ఒక్క పాస్‌వర్డ్‌తో నడిచే లాగిన్‌లో దొరకదు.

అయితే రెండు నియమాలూ లాగిన్ తెర దగ్గరే పనిచేస్తాయి. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ అనే లోపం, పాత విండోస్‌లలో రిమోట్ డెస్క్‌టాప్ పాస్‌వర్డ్ అడగకముందే దాడిదారును లోపలికి రానిచ్చేది. అక్కడ తాళమూ కోడూ రెండూ వృథా. మైక్రోసాఫ్ట్ అప్పటికే సేవలు నిలిపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా సవరణ పంపిందంటే దాని తీవ్రత ఊహించవచ్చు. పోర్ట్ సంఖ్య మార్చడం అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే రిమోట్ డెస్క్‌టాప్ ఏ సంఖ్య మీద ఉన్నా తన పలకరింపుతో తానేమిటో చెప్పేస్తుంది. 3389ను ఇంటర్నెట్‌కు మూసి, ఆ సేవను వీపీఎన్ వెనక్కి, అంటే ముందు లాగిన్ అయితేనే తెరుచుకునే గుప్త దారి వెనక్కి, జరపడమే సరైన మార్గం. ఆ వీపీఎన్‌లోని ప్రతి ఖాతాకూ రెండో అంచె ఉండాలి, ఎవరూ వాడని పాత ఖాతాలతో సహా. 2021లో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దాడిదారులు ప్రవేశించింది అలాంటి పాత వీపీఎన్ ఖాతా ద్వారానే. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా.