శకానికి 78 కలిపితే తేదీ వచ్చేస్తుందా? పాత రాతల తేదీలపై అపోహలు - వాస్తవాలు

పాత దస్తావేజులు, ఇంటి చిట్టాలు చదివి తేదీలు తేల్చడం నా పని. కాగితం నా చేతిలో పెట్టగానే ఎవరైనా అడిగేది ఒకటే: "ఇది ఇంగ్లీషు లెక్కలో ఎప్పుడండీ?" ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగిన సందర్భాలు తక్కువ. ఎందుకో చెప్పడానికి ఒక చిట్టానే ముందు పెట్టుకుంటాను.

బందరు వైపు కుటుంబం వాళ్లు తెచ్చారు. చెదలు తిన్న పొడుగాటి పుస్తకం. అందులో నాకు పని పెట్టినవి రెండు పంక్తులు.

```
రక్తాక్షి సం॥ కార్తిక శు ౨ భౌమవారం రాత్రి ఉప్పెన
క్రోధ[..] సం॥ మాఘ శు ౫ భానువారం పుత్రోదయం
```

శక సంఖ్య ఎక్కడా లేదు. రెండో పంక్తిలో సంవత్సరం పేరు చివర చెదలు కొట్టేసింది.

అపోహ: సంవత్సరం పేరు దొరికితే ఏడాది దొరికినట్టే.

పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. మన లెక్కలో ప్రభవ 1747లో, 1807లో, 1867లో, 1927లో, 1987లో మొదలైంది. రక్తాక్షి ఆ వరుసలో 58వది కాబట్టి ప్రభవ ఏడాదికి 57 కలపాలి. అంటే 1804, 1864, 1924. మూడింటిలో ఏది? ఇక్కడ 'ఉప్పెన' అన్న మాట పని చేసింది. బందరును ముంచేసిన ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది. అందులో సుమారు 30 వేల మంది పోయారని లెక్క. గణించి చూస్తే ఆ రోజు సూర్యోదయానికి కార్తిక శుద్ధ విదియ, వారం మంగళవారం. భౌమవారమంటే మంగళవారమే. పేరు, తిథి, వారం, సంఘటన నాలుగూ ఒకచోట కలిశాయి. ఇలాంటివి ఏడాదికి ఒకటి రెండు తగిలితే అదృష్టం.

ఆ ౨ అంకె కింద కాస్త చెదిరి ఉంది, ౩ అని కూడా చదవొచ్చు. చదివినా నష్టం లేదు. ఆ రాత్రే విదియ పోయి తదియ వచ్చింది. ఉప్పెన వచ్చిన వేళకు ఉన్న తిథి రాశాడేమో. వారం మాత్రం మారదు.

రెండో పంక్తికి ఇంత సుఖం లేదు. 'క్రోధ' తర్వాత ఏముండాలి? క్రోధి 38వ సంవత్సరం, క్రోధన 59వది. మధ్యలో 21 ఏళ్ల తేడా. ఇలాంటి జంటలు జాబితాలో ఇంకా ఉన్నాయి: ప్రమాథి - ప్రమాది, విరోధి - విరోధికృతు, ప్లవ - ప్లవంగ, శుభకృతు - శోభకృతు. గొలుసుకట్టు రాతలో కొమ్ములు, దీర్ఘాలు ఎగిరిపోతాయి కాబట్టి, పేరు స్పష్టంగా ఉందనిపించినా నేను పక్క పేరును కూడా పరీక్షకు పెడతాను.

ఈ రెండు పేర్లూ వచ్చిన నాలుగు ఏళ్లకూ మాఘ శుద్ధ పంచమి ఏ వారమో గణించాను.

క్రోధి అయితే 1845 ఫిబ్రవరి 11, మంగళవారం. లేదా 1905 ఫిబ్రవరి 9, గురువారం. క్రోధన అయితే 1866 జనవరి 21, ఆదివారం. లేదా 1926 జనవరి 18, సోమవారం.

చిట్టాలో ఉన్నది భానువారం, అంటే ఆదివారం. నాలుగింటిలో 1866 ఒక్కటే సరిపోయింది.

ఇక్కడ ఒక పెద్దావిడ మాట చెప్పాలి. "శ్రీపంచమి నాడు పుట్టాడని మా అత్తగారు అనేది బాబూ" అందావిడ. మాఘ శుద్ధ పంచమే శ్రీపంచమి. ఆ మాటతో నెల, తిథి నేను సరిగానే చదివానని ధీమా వచ్చింది. ఏడాది విషయంలో మాత్రం అది ఏమీ తేల్చదు, పైన రాసిన నాలుగు తేదీలూ శ్రీపంచములే కదా! ఇంటి వాళ్ల జ్ఞాపకం ఏ భాగానికి సాక్ష్యమో, ఏ భాగానికి కాదో విడదీసి రాసుకోకపోతే తర్వాత మనమే మోసపోతాం.

అపోహ: శక సంఖ్యకు 78 కలిపితే సరి.

సగం నిజం. శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది, ఇంగ్లీషు ఏడాది మధ్యలో మారుతుంది. డిసెంబరు దాకా 78, ఆ తర్వాత ఉగాది దాకా 79. పుష్యం సాధారణంగా ఈ రెంటి మధ్య నలుగుతుంది కాబట్టి తిథి చూడకుండా దాని ఏడాది చెప్పలేం. పై చిట్టాలో శకం రాసి ఉంటే క్రోధనకు 1787 అని ఉండేది. 78 కలిపితే 1865. పుట్టింది మాత్రం 1866లో. మాఘ, ఫాల్గుణాల పుట్టుకలు ఒక ఏడాది వెనక్కి జరిగిన వంశవృక్షాలు నేను చాలానే చూశాను, వాటిలో రెండు నా చేతి తప్పులే.

ఇంకో చిక్కు: ఆ సంఖ్య గడిచిన ఏళ్లదా, నడుస్తున్న ఏడాదిదా? 78 లెక్క గడిచిన ఏళ్లకు. నడుస్తున్న ఏడాది సంఖ్య వేసి ఉంటే ఒకటి తగ్గించుకోవాలి. ఇది పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. గడిచిన శకానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషమే సంవత్సరం వరుస సంఖ్య. 1787కి 12 కలిపితే 1799, శేషం 59, అది క్రోధన. శేషం సున్నా వస్తే అక్షయ. కాగితం మీద పేరు ఇలా వచ్చిన పేరుతో ఒక్క స్థానం తేడాలో ఉంటే, లేఖకుడు గతమో వర్తమానమో వేరుగా వేశాడని మొదట అనుమానించాలి.

అపోహ: అంకెకూ పేరుకూ పడకపోతే అంకెనే నమ్మాలి.

చదువుకున్న వాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇది. హంపి విరూపాక్షాలయంలో శ్రీకృష్ణదేవరాయల పట్టాభిషేకాన్ని చెప్పే శాసనం ఉంది. అందులో గత శకం 1430, శుక్ల సంవత్సరం, మాఘ శుద్ధ చతుర్దశి. పై లెక్క వేసి చూడండి: 1430కి 12 కలిపితే 1442, శేషం 2. అది విభవ, శుక్ల కాదు. శుక్ల కావాలంటే గత శకం 1431 కావాలి. అంకె నిజమైతే తేదీ 1509 ఫిబ్రవరి 4 ప్రాంతం. పేరు నిజమైతే 1510 జనవరి 23 లేదా 24. వందేళ్ల కిందటే, విజయనగర చరిత్ర రాసిన రాబర్ట్ సీవెల్ ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి, సంవత్సరం పేరు జనం నోట రోజూ నలిగేది కాబట్టి తప్పు అంకెలో జరిగి ఉండే వీలు ఎక్కువన్నాడు.

నా అనుభవమూ అదే. కరణం నిద్రలో అడిగినా సంవత్సరం పేరు చెబుతాడు. శక సంఖ్య మాత్రం పాత పత్రం చూసి ఒకటి కలిపి వేసేవాడు, కలపడం మరిచిపోతే మరిచిపోయేవాడు. పత్రాల్లో అంకె తప్పు, పేరు ఒప్పు అయిన సందర్భాలే నాకు ఎక్కువ తగిలాయి. అయినా అంకెను దిద్దేసి పేరునే తేదీగా రాయను, రెండూ రాస్తాను.

హంపి తేదీల్లో ఇంకో మెలిక ఉంది. అవి జూలియన్ కేలండర్ తేదీలు. నేటి గ్రెగోరియన్ లెక్కకు తేవాలంటే ఆ కాలానికి 10 రోజులు కలపాలి. కుంపిణీ వాళ్ల కాగితాల్లోనూ 1752 సెప్టెంబరు దాకా పాత లెక్కే నడిచింది. ఏ కేలండరో చెప్పకుండా రాసిన 1740 నాటి తేదీ నా దృష్టిలో అసంపూర్ణం.

అపోహ: తిథి, వారం కంప్యూటర్లో వేసి చూస్తే పని పూర్తి.

ముందు వారం పేరు సరిగ్గా చదవాలి. 'సో' అంటే సోమవారం, 'సౌ' అంటే సౌమ్యవారం, అంటే బుధవారం. 'బృ' బృహస్పతి, గురువారం. 'భృ' భృగువారం, శుక్రవారం. ఒక్క వొత్తు తేడా, చెమ్మ తగిలిన కాగితంలో అది ఎక్కడ నిలుస్తుంది? స్థిరవారం, మందవారం రెండూ శనివారాలే.

తర్వాత బహుళ పక్షం సంగతి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పున్నమితో. చాలా పంచాంగ సాఫ్ట్‌వేర్లు ఉత్తరాది పద్ధతిలోనే తెరుచుకుంటాయి. శుద్ధ పక్షంలో తేడా తెలియదు. బహుళంలో మాత్రం నెల జారిపోతుంది: మన శ్రావణ బహుళ అష్టమి వాళ్లకు భాద్రపద కృష్ణ అష్టమి. అందుకే కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి వస్తే మొదట కృష్ణాష్టమి ఏ నెలలో చూపిస్తుందో చూస్తాను. అధిక మాసం వచ్చిన ఏడాది అయితే 'అధిక', 'నిజ' అన్న మాట కాగితంలో లేకపోయినా రెండు నెలలకూ గణించాల్సిందే.

వారం ఒక రోజు తేడా వస్తే వెంటనే కొట్టెయ్యను, పైన 1926 సోమవారం అలాంటిదే. పాత సిద్ధాంతాలతో కట్టిన పంచాంగానికీ నేటి గణనకూ తిథి ముగిసే వేళలో కొన్ని గంటల తేడా ఉంటుంది. రెండు రోజులు తేడా వస్తే మాత్రం ఏదో తప్పు చదివానన్నమాటే.

సరిపోయినా మురిసిపోకూడదు. వారాలు ఏడే కాబట్టి, తప్పు ఏడాదికి కూడా ఏడింట ఒకసారి వారం కాకతాళీయంగా కలుస్తుంది. నాలుగు ఏళ్లను పరీక్షించినప్పుడు ఒకటి కలవడం గట్టి సాక్ష్యమే, ముద్ర వేసిన సాక్ష్యం కాదు. ఉప్పెన పంక్తి తర్వాతే ఈ పుట్టుక ఉంది కదా, 1864 తర్వాత 1866 వరుసగా లేదా అని ఇంటివాళ్లు అడిగారు. రెండు పంక్తులూ ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒకే బిగువు. ఎవరో తర్వాత కూర్చుని పాత కాగితాల నుంచి ఎత్తి రాసినట్టుంది. అలాంటప్పుడు వరుసను సాక్ష్యంగా తీసుకోను.

అపోహ: ఫసలీకి 590 కలిపితే ఎక్కడైనా ఒకటే.

ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడాది. కలిపేది అదే, ఏడాది మొదలయ్యేది వేరు. మద్రాసు వైపు ఫసలీ 1855 నుంచి జులై 1న మొదలైంది. నిజాం ఇలాకాలో అక్టోబరు తొలి వారంలో, ఆజర్ నెలతో. కృష్ణకు అటు ఊరా, ఇటు ఊరా అన్నది చూడకుండా ఆగస్టు నాటి కాగితానికి ఏడాది వేయకండి.

అపోహ: సందేహం రాస్తే పని చేతకాలేదనుకుంటారు.

ఆ ఇంటివాళ్లకు ఫలకం మీద చెక్కించడానికి ఒక తేదీ కావాలి. నేను ఇచ్చిన చీటీ ఇది:

```
మూలం: క్రోధ[..] మాఘ శు ౫ భానువారం
తేదీ: 1866-01-21?
సందేహం: సంవత్సరం పేరు చివర లేదు; క్రోధన అని ఊహ
పరీక్ష: 1845, 1905 వారం కుదరలేదు; 1926 ఒక రోజు తేడా
రోజు: 21 సూర్యోదయం నుంచి 22 సూర్యోదయం దాకా
```

తేదీ చివరి ప్రశ్న గుర్తు నా సొంత అలవాటు కాదు, తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ISO 8601-2లో అనిశ్చిత తేదీకి పెట్టిన గుర్తే. రెండింటిలో ఏదో ఒకటైతే `[1509-02-14,1510-02-03]` అని చదరపు బ్రాకెట్లలో పెడతారు. హంపి తేదీలను గ్రెగోరియన్‌కు మార్చి, 24వ తేదీని పట్టుకుంటే అలా వస్తాయి. చివరి పంక్తి ఎందుకంటే, మన వారం సూర్యోదయంతో మారుతుంది. పిల్లవాడు తెల్లవారుజామున పుడితే చిట్టాలో ఆదివారమే, ఇంగ్లీషు లెక్కలో సోమవారం 22.

ఫలకం చెక్కేవాడు ప్రశ్న గుర్తు వద్దన్నాడట. '1866 శ్రీపంచమి' అని చెక్కించమన్నాను. చీటీని మాత్రం చిట్టాలోనే, ఆ పేజీ దగ్గర పెట్టించాను.