హోటల్ మళ్లీ తెరుస్తున్నారా? ప్రెస్ నోట్ గురించి అపోహలు – వాస్తవాలు

మరమ్మతులు ముగించుకుని తలుపులు తెరవబోయే హోటల్ యజమానులు సాధారణంగా ఆఖరి వారంలో నా దగ్గరికి వస్తారు. అప్పటికే కుర్చీలు, రంగులు, వంటగదిలో కొత్త పొగగొట్టం అంటూ చేతిలో డబ్బు ఖాళీ అయి ఉంటుంది. మూసి ఉన్న నెలల్లో పాత గిరాకీ పక్క వీధికి అలవాటు పడి ఉంటుందేమోనన్న దిగులు మొహంలో కనిపిస్తూనే ఉంటుంది. "యాడ్ ఇచ్చే పరిస్థితి లేదండీ, ఒక ప్రెస్ నోట్ రాసి పంపండి, దానికి డబ్బులు అక్కర్లేదు కదా" అంటారు. దిగులు నాకు అర్థమవుతుంది. ఆ మాటతోనే నాకు పేచీ.

అపోహ: ప్రెస్ నోట్ అంటే ఖర్చు లేని ప్రకటన

వాస్తవం: రెండూ వేర్వేరు సరుకులు. ప్రకటనలో మీరు కొలత లెక్కన స్థలం కొంటారు. చట్టానికి లోబడి మీకు నచ్చిన మాట రాసుకుంటారు. ప్రెస్ నోట్‌లో మీరు కొన్నదేమీ లేదు. అది పత్రిక జిల్లా డెస్కులో వార్తలు దిద్దే ఒక సబ్ ఎడిటర్ ముందుకు వెళ్తుంది. సాయంత్రం వేళ ఆయన ముందు రోడ్డు ప్రమాదం, తాగునీటి ఇబ్బంది, కలెక్టర్ సమీక్ష అన్నీ గుట్టగా ఉంటాయి. మీ కాగితంలో శీర్షిక, మొదటి పేరా మాత్రమే చదువుతాడు. పాఠకుడికి కొత్త సంగతి ఏదైనా కనబడితే ఐదారు లైన్లలో తిరగరాస్తాడు. కనబడకపోతే పక్కన పడేస్తాడు, లేదా ప్రకటనల విభాగానికి పంపుతాడు.

మర్నాడు ఆ విభాగం నుంచి "మీ హోటల్ గురించి ప్రత్యేక కథనం వేద్దామా" అని ఫోను వస్తుంది, వెనకాలే రేటు వస్తుంది. యజమాని నాకు ఫోన్ చేసి "చూశారా, డబ్బిస్తే గానీ వార్త వేయరట" అని మండిపడతాడు. నేను చాలాకాలం డెస్కులో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను: అలాంటి నోట్లలో ఎక్కువ భాగం వాటంతట అవే ప్రకటనలమని అరుస్తుంటాయి. అందుకే అటు వెళ్తాయి. ఇక "ఇంతిస్తే వార్తగానే వేయిస్తాను, గ్యారంటీ" అని మధ్యలో ఎవరైనా తగిలితే నమస్కారం పెట్టి పంపేయండి. డబ్బు తీసుకుని వేసినదాన్ని ప్రకటన అని తెలిసేలా ముద్రించాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. ఆ మనిషి అమ్ముతున్నది నియమాన్ని తప్పించే దారి, లేదంటే ఉత్త గాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక పాత భోజన హోటల్, నాలుగు నెలలు మూసి, ఉత్తరాంధ్ర వంటకాలతో మళ్లీ తెరవాలనుకుంది. నిజానికి ఇది మంచి వార్త. నగరంలో రాయలసీమ బోర్డులు అడుగడుగునా ఉన్నాయి, ఉత్తరాంధ్ర వంట తక్కువ. కానీ యజమాని తెచ్చిన కాగితం ఇలా మొదలైంది: "నగర ప్రజల ఆదరాభిమానాలు చూరగొన్న మా సంస్థ అత్యాధునిక హంగులతో, సరికొత్త రూపంలో, అసలు సిసలు ఉత్తరాంధ్ర సంప్రదాయ రుచులతో మీ ముందుకు వస్తోందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము." విశేషణాలు కొట్టేస్తే మిగిలేది "మా సంస్థ వస్తోంది". ఎక్కడికి, ఎప్పుడు, ఏం తెచ్చింది? తేదీ ఆఖరి లైనులో, భాగస్వాముల పేర్లకూ అలంకరణ చేసినవారికి ధన్యవాదాలకూ కింద ఉంది. అంత దూరం డెస్కు ప్రయాణించదు.

తర్వాత వంటకాల జాబితా తీయించాను. బొంగు చికెన్, పనసపొట్టు కూర, చోడి అంబలి, మాడుగుల హల్వా, పులస పులుసు. "పులస ఎందుకుందండీ?" అన్నాను. "పేరు చెబితే జనం వస్తారు" అన్నారు. పులస గోదావరి చేప. వరద నీరు వచ్చే వానాకాలంలో సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతూ వస్తుంది, ఆ కొద్ది వారాలే దొరుకుతుంది. దాన్ని ఉత్తరాంధ్ర మెనూలో, ఏడాది పొడవునా అని రాస్తే రాజమండ్రి పాఠకుడు నవ్వుకుంటాడు, డెస్కులో గోదావరి జిల్లావాడు ఒక్కడుంటే నోట్ అక్కడే ఆగిపోతుంది. తీసేయించాను.

బొంగు చికెన్ దగ్గర ఇంకో ప్రశ్న. అరకు వైపు పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయరు. నగరాల్లో కొన్నిచోట్ల మూకుడులో వండేసి, వడ్డించేటప్పుడు బొంగులో పోస్తారు. "మీరెలా చేస్తారు?" అని అడిగితే యజమానికి హుషారు వచ్చింది. మరమ్మతుల్లో పెరటివైపు బొగ్గుల పొయ్యి కట్టించారట, దానికోసమే గోడ జరిపారట. పచ్చి బొంగులు లోడుగా వస్తాయి కాబట్టి సాయంత్రం మాత్రమే, అదీ గంట ముందు చెబితేనే. ఇంత మంచి సంగతి ఆయన కాగితంలో ఎక్కడా లేదు! హోటల్ ఎందుకు మూశారో, లోపల ఏం మారిందో, కొత్త వంటకానికీ కొత్త గోడకూ సంబంధమేమిటో ఈ ఒక్క పొయ్యి చెబుతుంది.

మాడుగుల హల్వా ఇక్కడ వండటం లేదు, మాడుగుల నుంచే తెప్పిస్తున్నారు. అయితే అలాగే రాయాలి. పనసపొట్టు కూర తమదేనని గోదావరి జిల్లాలవారూ అంటారు. ఆ తగవు మనకెందుకు, "ఆవ పెట్టిన పనసపొట్టు కూర, లేత పనస దొరికినన్నాళ్లు" అని రాస్తే సరి. అరకును విశాఖ జిల్లా అని రాసుకొచ్చారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, మాడుగుల అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఇలాంటి చిన్న తప్పు కనబడితే మిగతా సంగతుల మీదా డెస్కుకు నమ్మకం సడలుతుంది.

"సంప్రదాయ", "అసలు సిసలు" అన్న మాటలు కూడా తీయించాను. ఆహార ప్రకటనల మీద 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన నిబంధనల్లో "సంప్రదాయ" అనే మాటకు కొలత ఉంది: ఆ వంట విధానం పెద్దగా మారకుండా కనీసం 30 ఏళ్లుగా ఉండాలి. చోడి అంబలికి ఆ అర్హత ఉంది. అదే మెనూలో వంటమనిషి కొత్తగా కనిపెట్టిన చోడి పిండి ఐస్‌క్రీముకు లేదు. రెంటికీ కలిపి ఒకే ముద్ర వేయకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రతా చట్టం 10 లక్షల రూపాయల వరకు జరిమానా చెబుతోంది.

చివరికి వెళ్లిన మొదటి పేరా ఇది: "బందరు రోడ్డులోని (పేరు) హోటల్ నాలుగు నెలల మరమ్మతుల తర్వాత ఈ నెల 14, శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకు తిరిగి తెరుచుకుంటుంది. అల్లూరి సీతారామరాజు, అనకాపల్లి జిల్లాల వంటకాలు మెనూలో కొత్తగా చేరాయి. బొంగు చికెన్ కోసం పెరట్లో ప్రత్యేకంగా బొగ్గుల పొయ్యి కట్టారు. పాత ఆంధ్ర భోజనం అదే ధరకు కొనసాగుతుంది." ఆ చివరి వాక్యం యజమానికి నచ్చలేదు, కొత్తదనం తగ్గుతుందని. కానీ పాత గిరాకీకి కావలసిన సమాచారం అదొక్కటే. వార్త వచ్చిన రోజు హోటల్‌కు వచ్చిన ఫోన్లలో ఎక్కువ "పప్పు, పచ్చడి, భోజనం ఉందా?" అని అడిగినవే.

అపోహ: మూసి ఉన్నప్పుడు పుట్టిన పుకార్లను నోట్‌లో ఖండించాలి

వాస్తవం: వద్దు. షట్టర్ దించితే చాలు, వాట్సాప్‌లో "అధికారులు సీజ్ చేశారట", "భాగస్వాములు కొట్టుకున్నారట" అని మొదలవుతుంది. ఏ ఆధారమూ ఉండదు, పంపేవాడికి పనీ ఉండదు. ఆ మాటలు విన్న యజమానికి నిద్ర పట్టదు, నాకు తెలుసు. అలా నిద్రలేని ఒకాయన నోట్ చివర "మా హోటల్‌ను సీజ్ చేశారన్న ప్రచారంలో నిజం లేదు" అని నేను చూడకుండా చేర్చి పంపారు. ఒక పత్రికలో శీర్షిక ఏమొచ్చిందో ఊహించండి: "హోటల్ సీజ్ కాలేదు: యాజమాన్యం". అప్పటిదాకా పుకారు ఒక పేటలో ఉంది, ఆ మర్నాడు జిల్లా అంతా తెలిసింది. "నాలుగు నెలల మరమ్మతుల తర్వాత" అన్న మాటే పుకారుకు జవాబు. పనులు జరుగుతుండగా తీసిన ఒక ఫొటో, తేదీతో, జత చేయండి. విలేకరి అడిగితే లైసెన్స్ కాపీ చూపించండి. అడగకపోతే ఆ ఊసే ఎత్తకండి.

అపోహ: ముహూర్తమే ప్రారంభ తేదీ

వాస్తవం: పూజ చేసి పాలు పొంగించే రోజు వేరు, గిరాకీకి వడ్డించే రోజు వేరు. ముహూర్తం ఉదయం 6:12 అని రాస్తే జనం ఇడ్లీకి వచ్చేస్తారు, లోపల బంధువులు టిఫిను తింటుంటారు. నోట్‌లో వడ్డన మొదలయ్యే తేదీ, సమయమే ఉండాలి. అదీ కొత్త వంటగదిలో పూర్తి మెనూ కనీసం రెండు మూడు పూటలు వండి చూశాకే బయటపెట్టండి. కొత్త పొయ్యి, కొత్త వంటవాళ్లు, కొత్త వంటకాలు ఒకేసారి వచ్చినప్పుడు మొదటి పూట ఏదో ఒకటి ఆగిపోతుంది.

అపోహ: లెటర్‌హెడ్ మీద ముద్రించి, ముద్ర వేసి, ఫొటో తీసి పంపితే హుందాగా ఉంటుంది

వాస్తవం: దాన్ని ఎవరో మళ్లీ టైపు చేయాలి. ఎవరూ చేయరు. డీటీపీ సెంటర్లు వాడే అను ఫాంట్లలో టైపు చేసి పంపితే ఆ ఫాంట్ లేని ఫోనులో పిచ్చి అక్షరాలు కనబడతాయి. ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగులో, మెయిల్‌లోనే, ఒక పేజీకి మించకుండా ఇవ్వండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. రిబ్బన్ కటింగ్ ఫొటో ఒకటి చాలు. బొగ్గుల మీద బొంగులు కాలుతున్న ఫొటో తప్పక ఉండాలి.

నోట్ కింద ఇచ్చే ఫోను నంబరు మాత్రం యజమానిది కాకుండా, సాయంత్రం 4 నుంచి రాత్రి 8 వరకు తప్పకుండా ఎత్తే మనిషిది ఇవ్వండి. డెస్కు నుంచి ఫోను వచ్చేది ఆ వేళలోనే. ఆ మనిషికి భోజనం ధర, సీట్ల సంఖ్య, వీధి గుర్తు తెలిసి ఉండాలి. ప్రారంభానికి ముందురోజు సాయంత్రం యజమాని ఎలాగూ గ్యాసు సిలిండర్ల లారీ దగ్గర ఉంటాడు.